తొమ్మిదింటిలో ఒక్క పదం

నాలుగు అక్షరాలున్నాయి. ఒక్కోటీ గురువైనా కావచ్చు, లఘువైనా కావచ్చు. సరిగ్గా రెండు గురువులు వచ్చేలా వాటిని ఎన్ని రకాలుగా అమర్చవచ్చు? గగలల, గలగల, గలలగ, లగగల, లగలగ, లలగగ. మొత్తం ఆరు. గురువు అసలు లేనిది ఒకటి, ఒక గురువున్నవి నాలుగు, మూడున్నవి నాలుగు, అన్నీ గురువులైనది ఒకటి. వరసగా రాస్తే 1, 4, 6, 4, 1.

పింగళుడి ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఈ అంకెల అమరికను మేరు ప్రస్తారంగా వివరించాడు. పాస్కల్ మరణించాక, 1665లో వెలువడిన గ్రంథంతో అదే అమరిక ఆయన పేరుతో స్థిరపడింది. వరస రెండు చివరలా 1 ఉంటుంది. మధ్యలోని ప్రతి అంకె, పై వరసలో దానికి ఇరువైపులా ఉన్న రెండంకెల మొత్తం.

(a + b)⁴ విస్తరణలోని గుణకాలూ ఇవే. నాలుగు బ్రాకెట్లను గుణించేటప్పుడు ఒక్కో దానినుంచి a నో b నో తీసుకుంటాం. గురులఘువుల ఎంపిక లాంటిదే ఇదీ. రెండు a లు, రెండు b లు ఆరు విధాల వస్తాయి కాబట్టి 6a²b².

ఘాతం చిన్నదైతే త్రిభుజం గీస్తే చాలు. కానీ (2x − 3)⁸లో x⁵ గుణకం ఒక్కటే కావాలంటే తొమ్మిది పదాలూ రాయడం వృథా శ్రమ. అక్కడ సంయోగాలు అక్కరకొస్తాయి.

ఎనిమిది బ్రాకెట్లలో ఐదింటినుంచి 2x తీసుకుంటే, మిగతా మూడింటినుంచి −3 రావాలి. ఆ మూడింటిని ఎంచుకునే విధాలు ⁸C₃ = (8 × 7 × 6) ÷ (3 × 2 × 1) = 56. ఇక 2⁵ = 32, (−3)³ = −27. మూడింటినీ గుణిస్తే −48,384.

విద్యార్థులు తరచూ మూడుచోట్ల తప్పటడుగు వేస్తారు. x కి మాత్రమే ఘాతం వేసి 2ని అలాగే వదిలేయడం ఒకటి. ఋణ గుర్తు మరచిపోవడం రెండోది. బేసి ఘాతం కాబట్టి ఇక్కడ జవాబు ఋణాత్మకమే కావాలి. ఇక మూడోది పదం సంఖ్య: లెక్క r = 0తో మొదలవుతుంది, అందుకే r = 3 అంటే నాలుగో పదం.

కొన్నిసార్లు అడిగిన పదం విస్తరణలో ఉండనే ఉండదు. (x² + 1/x)⁹లో x ఘాతం 18 − 3r. అది సున్నా కావాలంటే r = 6, కాబట్టి స్థిరపదం ⁹C₆ = 84. ఘాతాన్ని 8 చేస్తే 16 − 3r = 0 కావాలి. r పూర్ణాంకం కాదు. అంటే ఆ విస్తరణలో స్థిరపదం లేదు.