పెద్దవాళ్ల ఫోన్ పాఠం: రూపాయితో మొదలు

పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్ నేర్పేటప్పుడు మొదటి పావుగంట ఫోన్‌ను వాళ్లకు అనువుగా మార్చడానికే కేటాయించాలి. అక్షరాల సైజు పెంచి, అర నిమిషానికే ఆరిపోయే స్క్రీన్‌ను రెండు నిమిషాలు వెలిగేలా పెట్టాలి. బటన్ల ఫోన్‌కు అలవాటుపడిన వేలు తెరను తాకి వదలదు, అదిమి పడుతుంది. దాంతో యాప్ తెరుచుకోదు. చిన్న మెనూ ఏదో వస్తుంది, లేదా గుర్తు పక్కకు జరిగిపోతుంది. ‘నాకిది రాదు’ అని పెద్దవాళ్లు ఫోన్ పక్కన పెట్టేసేది తరచుగా ఇక్కడే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని `Accessibility` కింద `Touch & hold delay` ఉంటుంది. దాన్ని `Long` చేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఒక తరగతికి నలుగురైదుగురు చాలు. గంటకు మించి సాగదీయకూడదు. ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. నేర్పేవారు దాన్ని తీసుకుని చకచకా నొక్కి చూపిస్తే చూసినవాళ్లకు ఏమీ మిగలదు.

కాల్స్ పాఠంలో ఫోన్ చేయడం తేలిక, వచ్చిన కాల్ ఎత్తడమే కష్టం. తాళం పడి ఉన్న ఫోన్‌కు కాల్ వస్తే తెర నిండా కనిపిస్తుంది, చాలా ఫోన్లలో గుర్తును పైకో పక్కకో జరపాలి. అదే ఫోన్ వాడుతుండగా కాల్ వస్తే పైన చిన్న పట్టీలా వస్తుంది, అక్కడ మీట తాకితే చాలు. రెండు రకాలుగానూ కాల్ చేసి, ఎత్తించాలి. సైబర్ మోసాలపై ఫిర్యాదు తీసుకునే 1930 నంబరును కూడా ఈ పాఠంలోనే కాంటాక్ట్స్‌లో వాళ్లచేతే సేవ్ చేయించాలి.

మెసేజ్‌ల దగ్గర మైకు గుర్తులు రెండు ఉండటం తికమక పెడుతుంది. కీబోర్డు మీది మైకు మాటను తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. వాట్సాప్‌లో రాసే గడి పక్కనున్న మైకు గొంతునే పంపుతుంది. మొదట రెండోదే నేర్పడం మేలు, అక్షరదోషాల బెంగ ఉండదు. వచ్చిన ఫైలు పేరు చివర `.apk` ఉంటే తాకకూడదని ఇక్కడే చెప్పాలి. పెళ్లి శుభలేఖ పేరుతోనూ, ట్రాఫిక్ చలానా పేరుతోనూ ఇలాంటివి వస్తున్నాయి. అసలు శుభలేఖ బొమ్మగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది.

ఈ రెండూ చేతికి వచ్చాకే చెల్లింపుల జోలికి వెళ్లాలి. యూపీఐ పిన్ ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి, ఆ సమయంలో నేర్పేవారు ముఖం తిప్పుకోవాలి. పింఛను పడే ఖాతాకు బదులు కొద్దిపాటి డబ్బుంచిన వేరే ఖాతాను యాప్‌కు కలిపితే, పొరపాటు జరిగినా నష్టం ఆ కొద్దిపాటితోనే ఆగుతుంది.

సాధనకు ఒక్క రూపాయి చాలు. ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి, ఒక టీచరమ్మ ఫోన్ నుంచి పక్కనున్న పెద్దాయన ఫోన్‌కు రూపాయి పంపించాలి. ఆమె స్కాన్ చేస్తుంది. తెర మీద వచ్చిన పేరును పైకి చదువుతుంది. ‘మీ పేరేనా అండీ?’ అని అడిగి, ఆయన ఔనన్నాకే అంకె వేసి, పిన్ కొడుతుంది. ఇంతసేపూ ఆయన ఫోన్ ఒళ్లోనే ఉంటుంది, ఏదీ నొక్కడు. అయినా రూపాయి చేరుతుంది. తన యాప్‌లోని లావాదేవీల జాబితాలో ఆయన దాన్ని చూసుకోవాలి. ఎదుటివాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ లెక్కలోకి రాదు. తర్వాత పాత్రలు మార్చి ఆ రూపాయిని వెనక్కి పంపించాలి. డబ్బు పంపడానికీ బ్యాలెన్స్ చూసుకోవడానికీ పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా నిలవదు గానీ, ఇలా ఒక్కసారి కళ్లారా చూస్తే నిలుస్తుంది.

ఒక్కోసారి తెర మీద ‘పెండింగ్’ అని ఉండిపోతుంది. కంగారులో మళ్లీ పంపితే రెండుసార్లు పోయే అవకాశం ఉంది కాబట్టి, ముందు జాబితా చూడటం అలవాటు చేయాలి.

ఆ తర్వాత నేర్పేవారు పక్క గదిలోంచి ఫోన్ చేసి మోసగాడిలా మాట్లాడాలి: ‘కరెంటాఫీసు నుంచండీ, మీకు రీఫండ్ వచ్చింది. లైన్లోనే ఉండి యాప్ తెరవండి, పిన్ కొట్టండి.’ మోసగాళ్లు కాల్ పెట్టేయనివ్వరు. ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే వాళ్ల ఆయుధం. అందుకే కాల్ నడుస్తుండగా చెల్లింపు యాప్ తెరవకూడదన్న ఒక్క నియమం చాలా మోసాలను ఆపుతుంది. మాటకు సమాధానం చెబుతూ కూర్చోకుండా కాల్ కట్ చేయడాన్ని సాధన చేయించాలి. మర్యాదస్తులకు అదే కష్టం. నిజంగా డబ్బు పోతే వెంటనే 1930కీ, బ్యాంకుకూ చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

వారం తర్వాతి తరగతిలో కొత్తది మొదలుపెట్టే ముందు, మాట సాయం లేకుండా ఎవరికి వారు కిరాణా కొట్లో పాల ప్యాకెట్టు కొని రావాలి. ఎక్కడ ఆగారో నేర్పేవారు రాసుకోవాలి. స్కానర్ దగ్గర ఆగితే చెయ్యి నిలకడగా పట్టడం, పేరు చదవకుండా దాటేస్తే రూపాయి సాధన, పిన్ మర్చిపోతే దాన్ని మార్చుకునే పద్ధతి. ఆ రోజు పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.