ఇంటికెళ్లి రక్తం తీస్తే ఎన్ని ఇళ్లకు గిట్టుబాటు?

జిల్లా కేంద్రంలో ఒక మోస్తరు డయాగ్నస్టిక్ సెంటర్ ఉందనుకుందాం. అక్కడ పనిచేసే ముగ్గురు కలిసి యాజమాన్యం ముందు ఒక ప్రతిపాదన పెట్టాలనుకున్నారు: ఇళ్లకే వెళ్లి శాంపిళ్లు తెచ్చే సర్వీసు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పరగడుపున ఆటో ఎక్కి రాలేరు కాబట్టి గిరాకీ తప్పకుండా ఉంటుందని వాళ్ల నమ్మకం. యజమాని మాత్రం మొదట అడిగేది ఒక్కటే: "నెలకు ఎన్ని ఇళ్లు తిరిగితే మన ఖర్చు మనకొస్తుంది?" ఆ సంఖ్యే బ్రేక్ ఈవెన్. దాన్ని కట్టడం తేలిక, సరిగ్గా కట్టడం కష్టం. ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుని చూద్దాం.

ఒక్క ఇంటికీ వెళ్లకపోయినా నెలనెలా పెట్టాల్సిన ఖర్చు ముందు రాయాలి. శాంపిల్ తీసే ఇద్దరి జీతాలు 36,000, బుకింగులు చూసే మనిషికి 12,000, బండ్ల మరమ్మతులు, ఫోన్లు, బీమా 6,000. మొత్తం 54,000 రూపాయలు. సెంటర్ అద్దె ఇందులో కలపకూడదు. ఈ సర్వీసు ఉన్నా లేకున్నా అది కట్టాల్సిందే.

తర్వాత ఒక్కో ఇంటి లెక్క. సగటు బిల్లు 600 అనుకుందాం. రీఏజెంట్లు, సూదులు, ట్యూబులకు 240, పెట్రోలు, ఐస్‌బాక్సుకు 60 పోగా 300 మిగులుతుంది. 54,000ను 300తో భాగిస్తే 180 ఇళ్లు. అంటే రోజుకు ఆరు. చాలా ప్రతిపాదనలు ఇక్కడే ఆగిపోతాయి, కాగితం మీద ముచ్చటగానే ఉంటాయి.

ఇందులో పెద్ద లోపం ఒకటుంది. ఇంటికి రమ్మని ఫోన్ చేసేవాళ్లంతా కొత్తవాళ్లు కాదు. మూడు నెలలకోసారి షుగర్ పరీక్షకు సెంటర్‌కే వచ్చే పాతవాళ్లు కూడా ఇక ఇంటికే పిలుస్తారు. వాళ్ల 600 ఎలాగూ మనకు వచ్చేదే. కొత్తగా చేరింది 60 రూపాయల ఖర్చు మాత్రమే. అంటే పాతవాళ్ల ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మిగులు లేకపోగా 60 నష్టం.

పది ఇళ్లలో ఐదు పాతవాళ్లవే అనుకోండి. కొత్తవాళ్ల వల్ల 1,500 వస్తుంది, పాతవాళ్ల వల్ల 300 పోతుంది. సగటున ఇంటికి 120 మిగులు. ఇప్పుడు 54,000 రాబట్టాలంటే నెలకు 450 ఇళ్లు, రోజుకు పదిహేను తిరగాలి. అది కుదురుతుందా? పరగడుపు శాంపిళ్లు ఉదయం ఆరు నుంచి పది లోపే తీయాలి. రక్తాన్ని ట్యూబులో అలాగే వదిలేస్తే కణాలు గ్లూకోజును వాడేసుకుంటాయి, కాబట్టి తీసింది ఆలస్యం చేయకుండా ల్యాబుకు చేర్చాలి. దారితో కలిపి ఇంటికి అరగంట చొప్పున, నాలుగు గంటల్లో ఒక మనిషి ఎనిమిది ఇళ్లకు మించి తిరగలేడు. ఇద్దరికీ పదహారు. వానొచ్చినా, ఒకరు సెలవు పెట్టినా ఆ నెల నష్టమే. బ్రేక్ ఈవెన్ సంఖ్యను ఎప్పుడూ చేయగలిగిన గరిష్ఠం పక్కన పెట్టి చూడాలనడానికి కారణం ఇదే.

మరి పాతవాళ్లు ఎందరో ముందే తెలిసేదెలా? ఊహించనక్కర్లేదు. ఉన్న సిబ్బందితోనే ఒక వార్డులో నెల రోజులు నడిపి, బుక్ చేసుకున్న ఫోన్ నంబర్లను సెంటర్ రిజిస్టర్‌తో సరిపోల్చితే చాలు. ఈ పని చేయకుండా యాజమాన్యం దగ్గరకు వెళ్లొద్దని నా గట్టి సలహా.

పాతవాళ్లు నిజంగానే సగం ఉన్నారని తేలితే, ఇంటికి వచ్చినందుకు వంద రూపాయలు తీసుకోవచ్చు. అప్పుడు కొత్తవాళ్ల మీద 400, పాతవాళ్ల మీద 40 మిగులు. సగటు 220. బ్రేక్ ఈవెన్ 246 ఇళ్లకు, అంటే రోజుకు ఎనిమిది పైచిలుకుకు దిగుతుంది. వంద అడిగితే కొందరు పిలవడం మానేస్తారు, నిజమే. ఉచితమైతే 450 ఇళ్లు కావాల్సిన చోట ఇప్పుడు 246 చాలు కాబట్టి దాదాపు సగం మంది మానేసినా పరిస్థితి మునుపటికంటే దిగజారదు. ఎంతమంది మానేస్తారో కూడా ఆ వార్డులోనే పరీక్షించాలి.

ఇక చివరిది, చేతి నుంచి పడే డబ్బు. మొదటి నెలే 246 ఇళ్లు రావు. రోజుకు మూడు, ఐదు, ఏడు చొప్పున పెరుగుతూ పోతే మూడు నెలల్లో 34,200, 21,000, 7,800 తగ్గుతాయి. కలిపి 63,000. బండ్లకు, ఐస్‌బాక్సులకు మరో 1,20,000 అనుకుంటే, యాజమాన్యం మంజూరు చేయాల్సింది 1,83,000. ఈ మొత్తంతో పాటు ప్రతిపాదనలో ఇంకో వాక్యం కూడా రాయాలి: నాలుగో నెలాఖరుకు ఆ నెల ఇళ్లు 180 దాటకపోతే సర్వీసు ఆపేసి బండ్లు అమ్మేస్తాం.