యాప్‌కు గేదె కనబడదు: బీమా స్కోర్ ఎలా వేస్తారు?

జనగామ నుంచి మహబూబాబాద్ వెళ్తుంటే గేదె అడ్డొచ్చింది, గట్టిగా బ్రేక్ వేశారనుకోండి. ఫోన్‌లోని బీమా యాప్‌కు గేదె కనబడదు. వేగం ఒక్కసారిగా పడిపోయిందనే తెలుస్తుంది, స్కోర్ తగ్గొచ్చు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకు పెట్టే డివైస్‌దీ ఇదే పని.

నడిపే తీరును బట్టి ప్రీమియం తీసుకునే యాడ్-ఆన్‌లకు 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ అనుమతిచ్చింది. తగ్గింపు మాత్రం సొంత డ్యామేజీ భాగంలోనే. అది 6,000 రూపాయలై, 10 శాతం తగ్గితే మిగిలేది 600. థర్డ్ పార్టీ ప్రీమియం మారదు.

భూపాలపల్లికి బస్సులో పోయినా, మీరే నడిపారని ఫోన్ యాప్ అనుకోవచ్చు. ట్రిప్ లిస్టులో చూసి, వీలుంటే ‘ప్రయాణికుడు’ అని మార్చుకోండి. లొకేషన్ వివరాలు క్లెయిమ్‌కూ వాడతారా? ఓకే నొక్కకముందే షరతుల్లో చదవండి.