హార్వే రాసిచ్చిన షరతు

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఏటా ఒక ప్రసంగం జరుగుతుంది. పేరు హార్వేయన్ ఒరేషన్. స్మారకోపన్యాసాల్లో తొలి పలుకులు చాలావరకు లాంఛనంగా సాగిపోతాయి. ఇక్కడ మాత్రం అందులో ఏమేం ఉండాలో 1656లోనే కాగితం మీద పెట్టారు. పెట్టింది విలియం హార్వేనే. చనిపోవడానికి ఏడాది ముందు, కెంట్ ప్రాంతంలోని బర్మార్ష్‌లో తనకున్న భూమిని ఆయన కాలేజీకి రాసిచ్చాడు. దాని రాబడితో ఏటా ఒక ప్రసంగం, ఒక విందు జరపాలన్నాడు. ప్రసంగించేవారు కాలేజీకి మేలు చేసిన దాతలను ముందుగా తలుచుకోవాలి. తర్వాత, ప్రకృతి రహస్యాలను ప్రయోగాల ద్వారా వెతకమని సాటి వైద్యులను ప్రోత్సహించాలి. వాళ్లంతా పరస్పరం ప్రేమగా మెలగాలని కూడా చెప్పాలి.

తన పేరు తలుచుకోమని ఆయన అడగలేదు. అయినా ప్రయోగం అన్న మాట వచ్చిన చోట ఆయనను తలవక తప్పదు. ఎందుకు తప్పదో తెలియాలంటే 1628లో ఆయన అచ్చువేయించిన చిన్న లాటిన్ పుస్తకం దగ్గరికి వెళ్లాలి.

అప్పటికి యూరప్ వైద్యులు రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పినదే నమ్మేవారు. తిన్న తిండి నుంచి కాలేయం ఎప్పటికప్పుడు రక్తాన్ని తయారు చేస్తుంది, అవయవాలు దాన్ని ఖర్చు చేసేస్తాయి అన్నది ఆ నమ్మకం. హార్వే దీన్ని లెక్కలో పెట్టి చూశాడు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే అర ఔన్సు రక్తం, అంటే దాదాపు 15 గ్రాములు, బయటికి వస్తుందనుకుందాం అన్నాడు. అరగంటలో గుండె వెయ్యిసార్లు కొట్టుకుంటుందనుకున్నాడు. నిజానికి రెండూ బాగా తక్కువ అంకెలే. ఎవరూ ఎక్కువ వేశావని వంక పెట్టకుండా కావాలనే తగ్గించాడు. అలా చూసినా అరగంటకు 500 ఔన్సులు, అంటే 15 కిలోల రక్తం! ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా అంత ఉండదు. ఏ మనిషీ అరగంటలో అంత రక్తానికి సరిపడా తిండి తినలేడు. కాబట్టి వెళ్లిన రక్తమే తిరిగి వస్తూ ఉండాలి.

లెక్క ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ల్యాబ్‌లో మోచేతి పైన పట్టీ బిగిస్తారు కదా, హార్వే అలాగే చేతికి గుడ్డ కట్టించాడు. సిరలు ఉబ్బి, అక్కడక్కడ ముడుల్లా కవాటాలు కనిపిస్తాయి. ఒక ముడి కింద సిరను ఒక వేలితో నొక్కి ఉంచి, రెండో వేలితో రక్తాన్ని పైకి, ఆ ముడి దాటేదాకా నెట్టాలి. మధ్యలో సిర ఖాళీ అవుతుంది. పైనున్న రక్తం కిందికి జారదు. నొక్కిన వేలు తీయగానే కింది నుంచి నిండుతుంది. అంటే సిరల్లో రక్తం గుండె వైపే నడుస్తుంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది, దీన్ని చూడడానికి పండితుడు కానక్కర్లేకపోవడం. ఒక చేయి, ఒక గుడ్డముక్క ఉంటే చాలు.

ఆ ప్రతిపాదనలో ఒక ఖాళీ మిగిలింది. ధమనుల్లోంచి సిరల్లోకి రక్తం ఏ దారిన వెళుతుందో హార్వే చూడలేదు. ఆయన 1657లో చనిపోయాడు. 1661లో ఇటలీ వైద్యుడు మాల్పీగీ, కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి, సన్నటి కేశనాళికలను కనుక్కున్నాడు. మరో సంగతి కూడా దాచకూడదు. రక్తం తిరుగుతుందని రుజువు చేసిన హార్వే, రోగుల రక్తం కార్చే పాత చికిత్సను మాత్రం వదల్లేదు. ఆ చికిత్స ఆయన తర్వాత కూడా రెండు వందల ఏళ్లకు పైగా నడిచింది. శరీరం ఎలా పనిచేస్తుందో తెలియడం వేరు, ఏ మందు పనిచేస్తుందో తెలియడం వేరు.

ఆ రెండో ప్రశ్న కోసమే ఈ ప్రసంగం ఇంకా కావాలని నాకనిపిస్తుంది. 1906లో విలియం ఆస్లర్ ఇదే వేదిక మీద రక్తప్రసరణ కథనే తీసుకుని, కొత్త నిజం వైద్యుల్లో ఎంత మెల్లగా వేళ్లూనుకుంటుందో వివరించాడు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యసేవకు ఏ చికిత్సలు తగినవో సూచించే సంస్థకు అధ్యక్షుడిగా ఉన్న మైఖేల్ రాలిన్స్ 2008లో మాట్లాడాడు. ఆయన తీసుకున్న విషయం, ఒక మందు పనిచేస్తుందనడానికి ఏది సాక్ష్యం అన్నది. రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకే మందిచ్చి పోల్చే పరీక్షలనే అన్నిటికన్నా పై మెట్టు మీద కూర్చోబెట్టి, మిగతా సాక్ష్యాలను వరసగా కింది మెట్లకు నెట్టడం సరికాదన్నాడు. ఒక్కో పద్ధతికీ ఒక్కో బలం, ఒక్కో లోపం ఉంటాయి కనుక, సాక్ష్యమంతా ముందు పెట్టుకుని విచక్షణతో తూచాలని వాదించాడు.