35 వేలని చెప్పి 18 వేలేనా? జీతం చీటీలోని లెక్క

ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 4,20,000 రూపాయలని రాసి ఉంది. పన్నెండుతో భాగిస్తే నెలకు 35,000. ఇంట్లో అమ్మానాన్నలకు ఆ మాటే చెప్పారు. హైదరాబాద్‌లో గది అద్దె కూడా ఆ లెక్కనే మాట్లాడుకున్నారు. నెలాఖరున బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లో మాత్రం 18,650 అని ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లలో చాలామంది ఇక్కడే కంగారు పడతారు. మిగతా డబ్బు ఏమైందో తెలియాలంటే జీతం చీటీ, అంటే పే స్లిప్, ముందు పెట్టుకుని చూడాలి. కోరితే ఇచ్చేది, లేకపోతే మానేసేది కాదు ఈ చీటీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ యజమాని దాన్ని ఇచ్చి తీరాలి.

ముందుగా 35,000 సంగతి చూద్దాం. ఆఫర్ లెటర్‌లో చెప్పేది సీటీసీ. మీ కోసం కంపెనీకి ఏడాదిలో అయ్యే మొత్తం ఖర్చు అది. అందులో మీ జీతం ఒక భాగం మాత్రమే. మన ఉదాహరణలో నెల జీతం 30,000. మిగిలిన 5,000లో 1,800 పీఎఫ్‌కు కంపెనీ కట్టే వాటా. పీఎఫ్ కార్యాలయ ఖర్చులకు, ఉద్యోగి డిపాజిట్ బీమాకు కలిపి 150. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది 721. ఆరోగ్య బీమా ప్రీమియం 329. మిగతా 2,000 వేరియబుల్ పే. పనితీరు చూసి ఏడాది చివర ఇస్తామనే ఈ సొమ్ము ఇస్తే పూర్తిగా రావచ్చు, సగమే రావచ్చు. వీటిలో ఏదీ నెలనెలా చేతికి రాదు కాబట్టి జీతం చీటీలోనూ సాధారణంగా కనిపించదు. ఉద్యోగానికి ఒప్పుకునే ముందే హెచ్ఆర్ వాళ్లను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 'సీటీసీ సరే, నెల గ్రాస్ ఎంత?' ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, బండికి ఈఎంఐ పెట్టుకోవాలన్నా ఆ జవాబే ఆధారం.

ఇక చీటీ. దాదాపు అన్ని కంపెనీల్లోనూ ఇది రెండు భాగాల పట్టికగా ఉంటుంది. ఎడమవైపు ఇచ్చేవి, కుడివైపు కోసేవి. నెలంతా పనిచేసిన ఉద్యోగి చీటీ ఇలా ఉంటుంది.

| ఇచ్చేవి | రూపాయలు | కోతలు | రూపాయలు |
|---|---|---|---|
| బేసిక్ | 15,000 | పీఎఫ్ | 1,800 |
| హెచ్ఆర్ఏ | 6,000 | వృత్తి పన్ను | 200 |
| స్పెషల్ అలవెన్స్ | 9,000 | టీడీఎస్ | 0 |
| గ్రాస్ | 30,000 | మొత్తం కోతలు | 2,000 |

```
Net Pay = Gross Earnings - Total Deductions
28,000  = 30,000 - 2,000
```

చేతికొచ్చేది 28,000. సూత్రం ఇంతే, ఒక్క తీసివేత. అయితే ఎడమవైపు ఒక అంకె మారితే కుడివైపు అంకెలు కూడా కదులుతాయి. ఆ కదలిక అర్థమైతే చీటీ మొత్తం అర్థమైనట్టే.

ఎడమవైపున అన్నిటికన్నా ముఖ్యమైనది బేసిక్. పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివి దాని మీదే లెక్కకడతారు. ఒకప్పుడు కంపెనీలు బేసిక్‌ను బాగా తగ్గించి, రకరకాల అలవెన్సుల పేరుతో గ్రాస్‌ను నింపేవి. అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలని కొత్త కోడ్ చెబుతోంది. హెచ్ఆర్ఏ ఇంటి అద్దె కోసం ఇచ్చేది. పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే దాని మీద మినహాయింపు ఉంటుంది. స్పెషల్ అలవెన్స్‌కు విడిగా అర్థమేమీ లేదు, గ్రాస్ లెక్క సరిపోవడానికి మిగిలిన మొత్తాన్ని ఆ పేరు కింద వేస్తారు.

ఇప్పుడు 18,650 దగ్గరికి వద్దాం. మీరు జూన్ 11న ఉద్యోగంలో చేరారు. జూన్‌కు 30 రోజులు, మీకు జీతం రావలసినవి 20 రోజులు. చీటీ పై భాగంలో 'పెయిడ్ డేస్' అన్న చోట 20 అని ఉందో లేదో ముందు చూసుకోండి. ఎడమవైపు అంకెలన్నీ మూడింట రెండు వంతులకు తగ్గుతాయి. బేసిక్ 10,000, హెచ్ఆర్ఏ 4,000, స్పెషల్ అలవెన్స్ 6,000, గ్రాస్ 20,000. పీఎఫ్ ఆ నెల వచ్చిన బేసిక్‌లో 12 శాతం కాబట్టి 1,200. వృత్తి పన్ను ఈసారి 200 కాదు, 150. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెల జీతం 15,000 వరకు ఈ పన్ను లేదు, ఆపైన 20,000 వరకు 150, అది దాటితే 200. మీ గ్రాస్ సరిగ్గా 20,000 దగ్గర ఆగింది కాబట్టి 150 పడింది. ఇరవై వేలలోంచి 1,350 తీసేస్తే 18,650.

ఈ మొదటి నెలలోనే ఒక పొరపాటు జరిగే అవకాశం ఉంది. గ్రాస్ 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ కింద 0.75 శాతం కోస్తారు. నెల జీతం 30,000 ఉన్న మీరు ఈఎస్ఐ పరిధిలోకి రారు. చేరిన నెలలో గ్రాస్ 20,000కు తగ్గింది కదా అని ఎవరైనా ఈఎస్ఐ కోసినట్టు కనిపిస్తే అడగండి. అక్కడ చూడవలసింది పూర్తి నెల జీతం.

సెలవు లెక్క కూడా ఇలాంటిదే. ఖాతాలో సెలవులు లేకుండా సెప్టెంబరులో రెండు రోజులు రాలేదనుకోండి. చీటీలో ఎల్ఓపీ, అంటే లాస్ ఆఫ్ పే, 2 అని ఉంటుంది. గ్రాస్ 28,000కు దిగుతుంది. బేసిక్ 14,000 అవుతుంది కాబట్టి పీఎఫ్ 1,680. వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 26,120. గ్రాస్‌లో 2,000 పోయినా చేతికొచ్చే దాంట్లో తగ్గింది 1,880. తక్కిన 120 పీఎఫ్‌లో తగ్గింది. నెల జీతాన్ని 30తో భాగిస్తారా, ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితోనా, లేక పనిదినాలుగా లెక్కేసే 26తోనా అన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది. మీ కంపెనీది ఏ పద్ధతో ఒకసారి కనుక్కుంటే చాలు, ఆ తర్వాత ఎవరినీ అడగకుండా లెక్క మీరే వేసుకోవచ్చు.

కుడివైపున తీరిగ్గా చూడవలసినది పీఎఫ్. కోతల కింద కనిపిస్తుంది కాబట్టి పోయిన డబ్బులా అనిపిస్తుంది. నిజానికి అది మీ పేరు మీదే జమయ్యే సొమ్ము. 2024-25కు దాని మీద ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. చేరిన కొద్ది రోజులకు మీకు 12 అంకెల యూఏఎన్ వస్తుంది. ఉద్యోగాలు ఎన్ని మారినా అదే నంబరు ఉండాలి. దాంతో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే కొత్తవాళ్లకు మరో అనుమానం వస్తుంది. ఉద్యోగి వాటా 1,800 అని సరిగ్గానే ఉంటుంది, యజమాని వాటా దగ్గర మాత్రం 550 అని ఉంటుంది. కంపెనీ కూడా 1,800 కట్టాలి కదా, 1,250 ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పింఛను పథకానికి వెళ్తుంది. 15,000 మీద అది 1,250. పాస్‌బుక్‌లో పింఛను గడి పక్కనే ఉంటుంది, రెండూ కూడితే 1,800 సరిపోతుంది.

అసలు మోసం జరిగే చోటు కూడా పీఎఫే. చిన్న కంపెనీల్లో రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది, యజమాని వాటాను కూడా ఉద్యోగి జీతంలోంచే కోయడం. గ్రాస్ 30,000 అని చూపించి కుడివైపు పీఎఫ్ కింద 3,600 రాస్తారు. యజమాని తన వాటాను ఉద్యోగి వేతనంలోంచి మినహాయించుకోకూడదని పీఎఫ్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. రెండోది ఇంకా దారుణం. చీటీలో 1,800 కోసినట్టు ఉంటుంది, పాస్‌బుక్‌లో ఒక్క రూపాయి పడదు. ఉద్యోగి కడుపు కట్టుకుని దాచుకునే సొమ్మును కంపెనీ సొంత అవసరాలకు వాడుకుంటోందన్నమాట. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఒక నెల పీఎఫ్‌ను మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలన్నది నిబంధన. ఆ తేదీ దాటాక కొన్ని రోజులు ఆగి, జీతం చీటీలోని అంకెను, పాస్‌బుక్‌లోని అంకెను పక్కపక్కన పెట్టి చూడండి. చీటీ ఒక్కటే చూస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

టీడీఎస్ విషయం మన ఉదాహరణలో తేలిగ్గా తేలిపోతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని ఏడాదికి 12,75,000 వరకు జీతానికి పన్ను పడదు. నెలకు 30,000 జీతానికి టీడీఎస్ గడిలో సున్నా ఉండాలి. అంకె ఏదైనా ఉంటే కారణం అడగండి. జీతం ఎక్కువున్నవాళ్లకు ఏడాది మొత్తం పన్నును నెలలకు పంచి కోస్తారు కాబట్టి, పాత విధానం ఎంచుకుని పెట్టుబడుల రుజువులు సమయానికి ఇవ్వకపోతే జనవరి నుంచి మార్చి దాకా కోత ఒక్కసారిగా పెరుగుతుంది.

ఉద్యోగం చెన్నైలో అయితే వృత్తి పన్ను నెలనెలా కాకుండా ఆరు నెలలకోసారి కోస్తారు. ఆ నెల చేతికొచ్చేది కాస్త తక్కువగా కనిపిస్తుంది. ఢిల్లీలో ఈ పన్నే లేదు.

తేడా ఏదైనా కనిపిస్తే క్యాంటీన్‌లో తోటివాళ్లతో చెప్పుకుని ఊరుకోకండి. హెచ్ఆర్ వాళ్లకు మెయిల్ రాయండి. ఏ నెల, ఏ గడి, మీ లెక్క ప్రకారం ఎంత ఉండాలి, చీటీలో ఎంత ఉంది అన్న నాలుగు ముక్కలు చాలు. చాలా తప్పులు మరుసటి నెల 'ఎరియర్స్' పేరుతో సరిదిద్దేస్తారు. పీఎఫ్ జమ కాకపోవడం లాంటిదైతే, జవాబు రానప్పుడు పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైట్ EPFiGMSలో యూఏఎన్ ఇచ్చి ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు చేతిలో ఉండవలసిన ఆధారం జీతం చీటీయే. కంపెనీ పోర్టల్‌లో ఉంది కదా అని వదిలేయకండి, ఉద్యోగం మానేసిన రోజే ఆ లాగిన్ మూసుకుపోవచ్చు. ప్రతి నెలా చీటీని డౌన్‌లోడ్ చేసి మీ సొంత మెయిల్‌కు పంపుకోండి.