ట్యూషన్ ఫీజు లెక్క ఇలా

పక్క వీధి ట్యూషన్‌లో ఎంత తీసుకుంటున్నారో చూసి ఫీజు పెడితే తర్వాత ఇబ్బంది తప్పదు. ముందు మన ఖర్చు చూసుకోవాలి. ఉదాహరణకు గది అద్దె, కరెంటు, జిరాక్సులకు నెలకు 5,000 రూపాయలు, మనకు మిగలాల్సింది 20,000 అనుకుందాం. పదో తరగతి లెక్కలకు 12 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు పెడితే 24 మంది. కానీ నలుగురు మానేసినా నడవాలంటే 20 మందితోనే లెక్క వేయాలి. అప్పుడు ఫీజు 1,250. బ్యాచ్‌లో 12 దాటితే అందరి నోటుపుస్తకాలూ గంటలో దిద్దలేం.

మానేసే పిల్లాడి సంగతి నోటుపుస్తకమే ముందు చెబుతుంది. వరుసగా రెండు రోజులు హోంవర్క్ ఖాళీగా ఉంటే పాఠం అందడం లేదన్నమాట. ఆ సాయంత్రమే పావుగంట కూర్చోబెట్టి, ఆగిపోయిన మెట్టు నుంచి మళ్లీ చేయించాలి. పుస్తకం అమ్మానాన్నలకు చూపించి, ఎక్కడ తడబడుతున్నాడో చెప్పాలి. మార్కులు వచ్చాక మాట్లాడదామనుకుంటే, అప్పటికే వేరే ట్యూషన్ వెతుక్కుంటారు.