ఏడంకెలు కొడితే సరిపోదు

విజయవాడలోని ఆస్పత్రుల బోర్డుల మీద, పాత దుకాణాల బిల్లుల మీద ఏడంకెల నంబరు ఒక్కటే కనిపిస్తుంటుంది. ఆ ఊళ్లోనే మరో ల్యాండ్‌లైన్ నుంచి చేస్తే అది నేరుగా మోగుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవారు సెల్‌ఫోన్‌లో అవే ఏడంకెలు కొడితే మాత్రం నంబరు సరిచూసుకోమనే మాట వినిపిస్తుంది. నంబరు తప్పేమీ కాదు, సగమే ఉంది.

ల్యాండ్‌లైన్ తీగ ఒక ఎక్స్ఛేంజికి కట్టుబడి ఉంటుంది. ఆ తీగ మీద కొట్టిన అంకెలు స్థానిక నంబరే అని ఎక్స్ఛేంజి అనుకుంటుంది, ఎందుకంటే ఫోన్ చేసేవారు ఏ ఊళ్లో ఉన్నారో దానికి ముందే తెలుసు. సెల్‌ఫోన్‌కు అలాంటి సొంత ఊరు లేదు. ఇవాళ కర్నూలు టవర్ కింద ఉంటుంది, రేపు చెన్నైలో ఉంటుంది. పైగా అవే ఏడంకెలు విశాఖలోనూ ఒకరికి ఉండవచ్చు, తిరుపతిలోనూ ఉండవచ్చు. అందుకే విజయవాడ నడిబొడ్డున నిలబడి ఆ పక్క వీధి ఆస్పత్రికి సెల్‌ఫోన్‌లో చేసినా కోడ్ కొట్టాల్సిందే.

మన దేశంలో ఎస్టీడీ కోడ్, స్థానిక నంబరు కలిస్తే పదంకెలు. హైదరాబాద్ కోడ్ 40, కాబట్టి అక్కడి నంబర్లకు ఎనిమిదంకెలు. విజయవాడ కోడ్ 866, కాబట్టి ఏడు. గుడివాడ కోడ్ 8674, అక్కడ ఆరే. పెద్ద ఊళ్లో ఫోన్లు ఎక్కువ, వాటికి ఎక్కువ అంకెలు కావాలి. అందుకే కోడ్‌ను చిన్నది చేశారు. జిల్లా ఒక్కటైనా కోడ్ ఒక్కటి కాదు: మచిలీపట్నానిది 8672. గుడివాడ నంబరుకు ముందు బందరు కోడ్ తగిలిస్తే ఫోన్ బందరులో వేరెవరింట్లోనో మోగవచ్చు, లేదా అసలు మోగకపోవచ్చు.

ఇక మొదట కొట్టే సున్నా సంగతి. అది కోడ్‌లో భాగం కాదు. కొట్టబోయేది ఊరి కోడ్ అని నెట్‌వర్క్‌కు చెప్పే గుర్తు. సెల్ నంబర్లకూ పదంకెలే, వాటిలో చాలా 8తోనే మొదలవుతాయి. సున్నా లేకుండా 866 కొడితే అది సెల్ నంబరేమోనని నెట్‌వర్క్ పొరబడే వీలుంది. సున్నా పెట్టి కొట్టిన కాల్ ఇలా నడుస్తుంది: సున్నా చూడగానే ఇది వేరే చోటి ల్యాండ్‌లైన్ అని తెలుస్తుంది, 866 చూసి కాల్ విజయవాడ వైపు మళ్లుతుంది, మిగిలిన ఏడంకెలు అక్కడి ఎక్స్ఛేంజిలో సరైన తీగను పట్టిస్తాయి.

ఊరి కోడ్ కొట్టి ఆపరేటర్ సాయం లేకుండా మాట్లాడే ఈ పద్ధతి మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అంతకుముందు ట్రంక్ కాల్ బుక్ చేసుకుని లైన్ కలిసేదాకా కూర్చోవాల్సి వచ్చేది.

అమెరికాలో ఉన్న కొడుకు అమ్మ ఇంటి ల్యాండ్‌లైన్‌కు చేయాలంటే సున్నా తీసేయాలి: +91, తర్వాత 866, ఆపైన ఏడంకెలు. సెల్‌ఫోన్‌లో నంబరు దాచుకునేవారు కూడా ఇలాగే దాచుకోవడం మేలు. అప్పుడు అదే నంబరు హైదరాబాద్ నుంచీ కలుస్తుంది, డాలస్ నుంచీ కలుస్తుంది. +91 తర్వాత సరిగ్గా పదంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టి చూస్తే, కోడ్ మరిచారో సున్నా ఎక్కువైందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.